అడాప్టివ్ ఇంగ్లిష్ టెస్టులో ప్రశ్న ఒక్కసారిగా తేలికైపోతే స్కోరు పడిపోయినట్టేనా?

వేణు_గాజువాక
వచ్చే నెల డ్యుయోలింగో ఇంగ్లిష్ టెస్ట్ రాస్తున్నా. మన జవాబునుబట్టి తర్వాతి ప్రశ్న కష్టం మార్చే అడాప్టివ్ టెస్టు అది. నేను అప్లై చేసే యూనివర్సిటీ 115 అడుగుతోంది. ఉచిత ప్రాక్టీస్ టెస్ట్ పెట్టుకున్న ప్రతిసారీ ఒకటే గొడవ. విన్న వాక్యాన్ని టైప్ చేసే లిజన్ అండ్ టైప్‌లో మొదట రెండు మూడు వాక్యాలు హాయిగా పోతాయి. తర్వాత నోరు తిరగని వాక్యం ఒకటి పడుతుంది, సగం కూడా రాయలేను. ఆ వెంటనే చిన్నపిల్లల పుస్తకంలోంచి తీసినట్టు నాలుగు ముక్కల వాక్యం వస్తుంది. అది చూడగానే "అయిపోయింది, కిందికి దించేశారు" అనిపించి, ఆ టెన్షన్‌లో తర్వాతివి కూడా చెడగొడుతున్నా.

కోచింగ్‌లో సార్ ఏమంటారంటే, మొదటి ఐదు ప్రశ్నలే స్కోరు తేల్చేస్తాయి, వాటిని ఆచితూచి చేసి మిగతావి గబగబా లాగించేయమని. ఇది ఎంతవరకు నిజం? టైమ్ ఎలా పంచుకోవాలి? రాసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_మిర్చి
మీ సార్ చెప్పింది కరెక్టే. మొదట్లో తప్పు చేస్తే సిస్టమ్ మనల్ని తక్కువ స్థాయి అనుకుంటుంది. ఆ తర్వాత అన్నీ చిన్న ప్రశ్నలే ఇస్తుంది. చిన్న ప్రశ్నలకు మార్కులు తక్కువ కాబట్టి ఎన్ని రైట్ చేసినా పైకి రాలేం. నేను జీఆర్ఈ రాసినప్పుడు వెర్బల్ మొదటి సెక్షన్ పోయింది, రెండోది తేలికగా వచ్చింది, స్కోరు కూడా అలాగే వచ్చింది. అనుభవంతో చెప్తున్నా.

కంట్రోల్_ఎస్
ఇంకో ట్రిక్ విన్నా. మొదటి ఒకటి రెండు కావాలని తప్పు చేస్తే తర్వాత అన్నీ తేలికవే వస్తాయంట. అవన్నీ రైట్ కొట్టేస్తే సరి. ఎవరైనా చేసి చూశారా?

గుంటూరు_మిర్చి
@కంట్రోల్_ఎస్ నేను పైన చెప్పింది దానికి సరిగ్గా రివర్స్ కదా బాబూ. ఆ పని మాత్రం చేయకు.

రమణారావు_తెనాలి
మా అమ్మాయి ఐఈఎల్టీఎస్ కంప్యూటర్ మీద రాస్తోంది. అందులో కూడా ప్రశ్నలు ఇలా మారుతాయా? మాకు ఎవరూ చెప్పలేదే.

స్రవంతి_డల్లాస్
@రమణారావు_తెనాలి మారవండీ, కంగారు పడకండి. ఐఈఎల్టీఎస్ కంప్యూటర్ మీద రాసినా పేపర్ మీద రాసినట్టే. రీడింగ్ 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఏది ఎలా చేసినా పక్క ప్రశ్న మారదు. వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు కూడా. పీటీఈ అకడమిక్ కూడా అడాప్టివ్ కాదు.

@వేణు నేను డ్యుయోలింగో రాసే ఇక్కడ మాస్టర్స్‌కి వచ్చా. లెక్కల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. టైమ్ గురించి మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే మీ సార్ సలహా ఈ టెస్టులో అసలు అమలు చేయడమే కుదరదు. ప్రతి ప్రశ్నకూ దాని గడియారం దానికే ఉంటుంది. లిజన్ అండ్ టైప్‌కి ఒక నిమిషం. ఖాళీలు పూరించే ఒంటి వాక్యాలకి 20 సెకన్లు. పేరాలో సగం సగం మాటలు పూర్తి చేసే రీడ్ అండ్ కంప్లీట్‌కి 3 నిమిషాలు. నిజమైన మాటో కాదో చెప్పేదానికి 5 సెకన్లే. ఒకదాంట్లో 30 సెకన్లు మిగిల్చారనుకోండి, అవి తర్వాతిదానికి కలవవు, పోతాయంతే. ఇక తర్వాతివి గబగబా లాగించి మీకు మిగిలేదేముంది?

వేణు_గాజువాక
@స్రవంతి_డల్లాస్ ఇది నాకు తట్టనే లేదక్కా. నేను లిజన్ అండ్ టైప్‌లో ఒకసారి విని, టైప్ చేసి, నెక్స్ట్ కొట్టేస్తున్నా. తొందరగా చేస్తే మంచి మార్కులేమో అనుకున్నా.

స్రవంతి_డల్లాస్
ఆడియో 3 సార్లు వినొచ్చు కదా, ఆ మూడూ వాడుకో. మొదటిసారి మొత్తం అర్థం పట్టుకో, టైప్ చెయ్యి. రెండోసారి మాటల చివరలు చూసుకో, అంటే ఎస్ ఉందా, ఈడీ ఉందా అని. మూడోసారి టైప్ చేసిందాన్ని చూస్తూ విను. వాక్యం చిన్నదైతే ఇదంతా నిమిషంలో హాయిగా అవుతుంది. పొడుగు వాక్యానికి రెండుసార్లు వినడానికే టైమ్ సరిపోవచ్చు. అప్పుడు మూడోది వదిలేసి స్పెల్లింగ్ చూసుకోవడం మేలు.

శారద_ఐటెమ్‌బ్యాంక్
ఇలాంటి పరీక్షలకు ప్రశ్నల నిధి తయారుచేసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఓపికగా చదవండి.

పైన మిర్చి గారి మాటల్లో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. తర్వాత ఏ ప్రశ్న ఇవ్వాలన్నది ఒకటి. చివరికి స్కోరు ఎంత అన్నది ఇంకొకటి. మొదటిదాంట్లో వరుసకు ప్రాధాన్యం ఉంది. మొదట్లో మీ గురించి సిస్టమ్‌కు ఏమీ తెలియదు కాబట్టి ఒక్కో జవాబుకూ అంచనా బాగా ఊగుతుంది. పోనుపోను ఊపు తగ్గుతుంది. రెండోదాంట్లో మాత్రం వరుసకు పని లేదు. అప్పటిదాకా ఇచ్చిన జవాబులన్నీ, వాటి కఠినతలన్నీ ఒకేసారి ముందు పెట్టుకుని, "ఈ జవాబులు ఇవ్వడానికి ఎక్కువ అవకాశం ఉన్న మనిషి స్థాయి ఎంత" అని లెక్క వేస్తారు.

కళ్ల డాక్టరు దగ్గర అక్షరాల చార్టు గుర్తు తెచ్చుకోండి. పెద్ద అక్షరాలు చదివించి ఊరుకుంటే ఆయనకు ఏమీ తెలియదు. మీరు తడబడే వరుస దగ్గరే ఆయన ఆగుతాడు, అటూ ఇటూ తిప్పుతాడు. ఈ టెస్టు కూడా మీకు సగం వస్తుందో రాదో అన్నంత కష్టం దగ్గరే తిరుగుతూ ఉంటుంది. అందుకే బాగా వచ్చినవాడికీ, అంతంతమాత్రం వచ్చినవాడికీ పరీక్ష ఇంచుమించు ఒకే రకంగా కష్టంగా అనిపిస్తుంది. "సగం తప్పులు చేశాను, పోయింది" అని బయటికి వచ్చినవాళ్లకు 130 రావడం వింతేమీ కాదు.

కరీంనగర్_కుర్రాడు
మేడమ్, వరుసకు పని లేదంటే నమ్మబుద్ధి కావట్లేదు. లెక్కతో చూపిస్తారా?

శారద_ఐటెమ్‌బ్యాంక్
చూపిస్తాను. ఇది డ్యుయోలింగో వాళ్ల అసలు లెక్క కాదు. ఇలాంటి పరీక్షలన్నిటికీ వెనక ఉండే సూత్రం ఎలా పనిచేస్తుందో తెలియడానికి నేను వేసుకున్న చిన్న నమూనా. ఇందులో ప్రతి జవాబూ ఒప్పో తప్పో అంతే. మనిషి స్థాయి θ, ప్రశ్న కఠినత b, రెండూ ఒకే కొలబద్ద మీద ఉంటాయి.

```
P = 1 / (1 + e^(-(θ - b)/20))
```

స్థాయి, కఠినత సమానమైతే రైట్ అయ్యే అవకాశం సగం. ప్రశ్న మీకన్నా 20 తక్కువైతే 73 శాతం, 20 ఎక్కువైతే 27 శాతం.

ఇప్పుడు వేణు లాంటి ఒకరు 8 ప్రశ్నలు చేశారనుకుందాం. మొదటిది 100 కఠినత, తప్పు. వెంటనే 80 ఇచ్చారు, రైట్. తర్వాత 95, 105, 115 మూడూ రైట్. 120 తప్పు. 112 రైట్. 118 తప్పు. మొత్తం 5 రైట్, 3 తప్పు. ఏ θ దగ్గర ఈ ఎనిమిది అవకాశాలు కలిపితే 5 వస్తుందో అదే అంచనా. కూడి చూస్తే 117 దగ్గర సరిపోతుంది.

ఆ 100 దగ్గర తప్పు మొదట కాకుండా ఆఖర్న జరిగిందనుకోండి, మిగతావన్నీ అవే. కూడిక అదే కాబట్టి జవాబు మళ్లీ 117. మొదటి ప్రశ్న అన్న కారణానికి దానికి ప్రత్యేక శిక్ష లేదు.

కరీంనగర్_కుర్రాడు
కూర్చుని కాలిక్యులేటర్ మీద చేశా, 117 వచ్చింది. ఆ 100 ప్రశ్న కూడా రైట్ అనుకుని చేస్తే 130 దాకా పోయింది. అంటే ఒక్క తప్పుకు 13 పాయింట్లా? భయంగా ఉందే!

శారద_ఐటెమ్‌బ్యాంక్
8 ప్రశ్నలే కాబట్టి అంత ఊగింది. ప్రశ్నలు ఎక్కువయ్యేకొద్దీ ఒక్కోదాని బరువు తగ్గుతుంది. పైగా డ్యుయోలింగోలో లిజన్ అండ్ టైప్, రీడ్ అండ్ కంప్లీట్ లాంటివాటికి మీ జవాబు అసలు జవాబుకు ఎంత దగ్గరగా ఉందో చూసి ఆ మేరకు మార్కు ఇస్తారు. పది మాటల వాక్యంలో ఒక మాట పోతే పది మాటలూ పోయినట్టు కాదు. వేణు "సగం కూడా రాయలేను" అన్నాడు కదా, ఆ సగాన్నీ వదలకుండా రాయాలి.

@కంట్రోల్_ఎస్ గారి ట్రిక్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. 80 కఠినత ప్రశ్న రైట్ చేస్తే "80 కన్నా పైనే ఉంటాడు" అని తెలుస్తుంది గానీ, 100 వాడో 140 వాడో తెలియదు. కావాలని తప్పు చేసిన ప్రశ్న మాత్రం లెక్కలో గుదిబండలా ఉండిపోతుంది. దాన్ని లాగడానికి పై కఠినత ప్రశ్నలు రైట్ చేయక తప్పదు. అంటే ఏ కష్టం తప్పించుకుందామని ఆ ట్రిక్ వేశారో అదే మళ్లీ ఎదురవుతుంది.

కంట్రోల్_ఎస్
సరే సరే, ట్రిక్ రద్దు.

గుంటూరు_మిర్చి
లెక్క బాగుంది గానీ మేడమ్, నా జీఆర్ఈ అనుభవం అబద్ధం కాదు కదా. మొదటి సెక్షన్ పోయాక పైకి రాలేకపోయాను.

శారద_ఐటెమ్‌బ్యాంక్
అబద్ధం అనడం లేదు. మీరు రాసింది వేరే జాతి పరీక్ష. జీఆర్ఈలో ప్రశ్న ప్రశ్నకూ మారదు, సెక్షన్ సెక్షన్‌కూ మారుతుంది. వెర్బల్‌లో మొదటి సెక్షన్ 12 ప్రశ్నలు, 18 నిమిషాలు. అది మొత్తం అయ్యాక దాన్నిబట్టి రెండో సెక్షన్ కష్టమైనదో తేలికైనదో నిర్ణయిస్తారు. అది 15 ప్రశ్నలు, 23 నిమిషాలు. ఒకసారి తేలిక దారిలో పడ్డాక ఆ 15లో పై కఠినత ప్రశ్నలు దొరకడమే తక్కువ. మీరు ఎంత బాగా చేసినా "ఇతను ఇంకా పైవాడు" అని చూపించడానికి చోటు ఉండదు. అక్కడ మొదటి భాగం బరువెక్కువ అన్న మాట నిజం. ప్రశ్న ప్రశ్నకూ మారే టెస్టులో అయితే, మొదట దిగినా రైట్ చేసేకొద్దీ పైకి రావడానికి దారి తెరిచే ఉంటుంది. చాలామంది కోచింగ్ సార్లు ఈ రెండిటినీ కలిపేస్తారు.

హన్మకొండ_సిరి
అయితే టోఫెల్ ఏ జాతి? నేను దానికి డబ్బు కట్టేశా.

శారద_ఐటెమ్‌బ్యాంక్
2026 జనవరి 21 నుంచి టోఫెల్ ఐబీటీలో రీడింగ్, లిజనింగ్ జీఆర్ఈ పద్ధతిలోకి వచ్చాయి. మొదటి మాడ్యూల్‌లో ఎలా చేశారన్నదాన్నిబట్టి రెండో మాడ్యూల్. స్కోరు కూడా 1 నుంచి 6 కొలబద్ద మీదికి మారింది, అర అర మెట్లతో. కొన్నాళ్ల పాటు పాత 120 లెక్కలో సరిసమానమైన స్కోరు కూడా పక్కన ఇస్తారు. స్పీకింగ్, రైటింగ్ ఇలా మారవు. పాత మెటీరియల్‌తో చదువుతుంటే ముందు అది పక్కన పెట్టండి.

స్రవంతి_డల్లాస్
@హన్మకొండ_సిరి నీకు టైమ్ ప్లాన్ వేణు ప్లాన్‌కి పూర్తిగా వేరు. నీకు రీడింగ్‌లో గడియారం మాడ్యూల్ మొత్తానికి ఉంటుంది కాబట్టి ఒకచోట కూరుకుపోతే ఆఖరివి మిగిలిపోతాయి. మొదటి మాడ్యూల్‌లో చివరి మూడు ప్రశ్నలు ఖాళీగా వదిలేయడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. వాటిలో నీకు వచ్చినవి కూడా ఉండొచ్చు, వాటి లోటుతో తేలిక దారికి మళ్లిపోవచ్చు. తప్పుకు మైనస్ లేదు. తెలియకపోతే ఒకటి ఊహించి పెట్టేసి కదలాలి.

హన్మకొండ_సిరి
మరి రెండో మాడ్యూల్ తేలికగా అనిపిస్తే ఏం చేయాలి? అక్కడే కాళ్లు చల్లబడతాయేమో అని భయం.

శారద_ఐటెమ్‌బ్యాంక్
ఏమీ చేయక్కర్లేదు, ఎదురుగా ఉన్నది చేయండి. తేలికగా అనిపించడానికి కారణాలు చాలా. మీకు తెలిసిన విషయం మీద పాసేజ్ వచ్చి ఉండొచ్చు. కొన్ని పరీక్షల్లో స్కోరుకు కలపని ప్రయోగ ప్రశ్నలు కూడా మధ్యలో పెడతారు. పైగా ఒకే ప్రశ్న అందరికీ వెళ్లి బయటపడకుండా, సరిపోయే కఠినత ఉన్న కొన్నిటిలోంచి ఒకదాన్ని యాదృచ్ఛికంగా తీస్తారు. అందుకే కష్టం మెట్లు మెట్లుగా ఎక్కదు దిగదు, గతుకులుగా ఉంటుంది.

వేణు భయపడే "చిన్నపిల్లల వాక్యం" గురించి ఒక మాట. వాక్యం పొట్టిగా ఉన్నంత మాత్రాన కఠినత తక్కువ కాదు. "ఐడ్ హావ్ థాట్ సో" అన్నది నాలుగే మాటలు. ఆ మొదటి మాటలో డీ శబ్దం మనవాళ్లలో చాలామందికి చెవిన పడదు, "ఐ హావ్ థాట్ సో" అని రాసేస్తారు. పన్నెండు మాటల పొడుగు వాక్యం స్పష్టంగా పలికితే దానికన్నా సులువు కావచ్చు. ప్రశ్న కఠినత కంటితో చూసి చెప్పలేం. స్క్రీన్ చూసి స్కోరు ఊహించడం మానేస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

వేణు_గాజువాక
ఇది బాగా పట్టింది. నిన్న ప్రాక్టీస్‌లో నేను తేలిక అనుకున్న వాక్యాన్ని రెండోసారి వింటే, మొదటిసారి నేను వదిలేసిన "ది" ఒకటి దొరికింది.

కడప_కవిత
నాది వేరే సమస్య. రెండుసార్లు రాశా, ఒకసారి 110, ఒకసారి 120. మధ్యలో పెద్దగా చదివింది కూడా లేదు. ఏది నా అసలు స్కోరు?

శారద_ఐటెమ్‌బ్యాంక్
రెండూ. ప్రతి అంచనాకూ అటూ ఇటూ కొంత ఊగిసలాట ఉంటుంది. డ్యుయోలింగో 10 నుంచి 160 వరకు 5 పాయింట్ల మెట్లలో ఇస్తుంది కాబట్టి ఒకటి రెండు మెట్ల తేడా ఏమీ నేర్చుకోకపోయినా రావచ్చు. మీ నిజమైన స్థాయి ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది. దీన్నిబట్టి వేణు 115 కావాలంటే ప్రాక్టీస్‌లో సరిగ్గా 115 వస్తోందని బయల్దేరకూడదు. ప్రాక్టీస్ టెస్ట్ స్కోరును ఒక శ్రేణిగా చూపిస్తుంది కదా, దాని కింది అంచు 115 దాటాక బుక్ చేసుకుంటే నిశ్చింత.

కరీంనగర్_కుర్రాడు
కింది అంచు దాటేదాకా ఆగితే కొందరికి డెడ్‌లైన్ దాటిపోతుంది మేడమ్. 110, 120 మధ్య ఊగేవాడు రెండుసార్లు రాస్తే ఒకసారి 115 తగలడానికి మంచి అవకాశం ఉంది. లెక్క ప్రకారం అది కూడా సబబే కదా?

శారద_ఐటెమ్‌బ్యాంక్
లెక్క ప్రకారం సబబే. డబ్బు, ఓపిక ఉన్నవాళ్లు అలా చేయొచ్చు. నాకు మాత్రం, అలా తగిలిన స్కోరుతో వెళ్లి మొదటి సెమిస్టర్‌లో లెక్చర్లు అందక ఇబ్బంది పడతారేమో అన్న బెంగ ఉంది.

కడప_కవిత
నాకు ఆ 120తోనే అడ్మిషన్ వచ్చింది మేడమ్, క్లాసులు బాగానే అర్థమవుతున్నాయి. ఒక్కొక్కరిది ఒక్కో దారి.

గుంటూరు_మిర్చి
నిజమైన మాటలు గుర్తుపట్టే భాగంలో అన్నిటికీ "అవును" కొట్టేస్తే ఎలా ఉంటుంది? 5 సెకన్లలో ఆలోచించే టైమే ఉండదు కదా.

స్రవంతి_డల్లాస్
లేని మాటలు కలిపేదే అలా కొట్టేవాళ్లను పట్టుకోవడానికి. ప్రతి ఉత్తుత్తి మాటా ఒక తప్పు అవుతుంది. నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఆ మాటను ఏదైనా వాక్యంలో చూసిన గుర్తు ఉంటే అవును, వినడానికి బాగుంది అన్న ఒక్క కారణమే ఉంటే కాదు. ఇంగ్లిష్ మాటలా కనిపించేట్టే వాటిని తయారుచేస్తారు మరి.

గుంటూరు_మిర్చి
అలాగైతే నాకు నిజంగా తెలిసిన మాటలు కూడా "కాదు"లోకి పోతాయండి. నేను అనుమానం ఉంటే అవుననే కొడతా. మనిద్దరికీ ఇక్కడ కుదరదు.

వేణు_గాజువాక
ఆఖరు సందేహం. ఫొటో చూసి రాయడం, మాట్లాడటం ఉన్నాయి కదా, వాటిలో కూడా నేను రాసినదాన్నిబట్టి తర్వాతి ఫొటో కష్టమవుతుందా? మొదటి ఫొటోకి పెద్ద పెద్ద మాటలు వాడితే ఇరుక్కుంటానేమో అని సాదాగా రాస్తున్నా.

శారద_ఐటెమ్‌బ్యాంక్
ఆ భయంతో సాదాగా రాయకు. ఒక వాక్యం విని టైప్ చేసినదానిలా అక్కడికక్కడ మెట్టెక్కించి దించే భాగాలు కావవి. ఎంత వైవిధ్యంగా, ఎంత తప్పుల్లేకుండా, అడిగిన విషయం మీదే రాశావా అన్నది చూస్తారు. నీకు బాగా వచ్చిన ఇంగ్లిష్ అంతా అక్కడ చూపించాలి. ఫొటోకి ఉన్నది ఒక్క నిమిషమే కాబట్టి చివరి పది సెకన్లు మాత్రం కొత్త వాక్యం మొదలుపెట్టకుండా రాసింది దిద్దుకోవడానికి ఉంచుకో.

స్రవంతి_డల్లాస్
ఇంకోటి వేణూ, ఆలోచిస్తూ పక్కకి చూసే అలవాటు ఉంటే ఇప్పటినుంచే మానుకో. కెమెరా రికార్డు చేస్తూ ఉంటుంది, చూపు మాటిమాటికీ స్క్రీన్ దాటితే టెస్టు చెల్లకపోవచ్చు. ప్రాక్టీస్ కూడా అలాగే స్క్రీన్ మీదే చూపు పెట్టి చెయ్యి.

వేణు_గాజువాక
సరే అక్కా. ఈ వారం లిజన్ అండ్ టైప్ మూడుసార్లు వినే పద్ధతిలో చేసి, శ్రేణి కింది అంచు ఎంత వస్తుందో ఇక్కడే పెడతా.